రెన్యువల్‌లో కొత్త ఎక్స్‌క్లూజన్ పెట్టారా? "క్లెయిమ్ లేదు" అంటే సరిపోదు, కొలతలు చూపించండి

ఫ్యాక్టరీకో, గోడౌన్‌కో ఏటా కట్టే ఫైర్ పాలసీ రెన్యువల్‌కి వస్తుంది. ప్రీమియం నిరుటిలాగే ఉంటుంది. మనం ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి, అమౌంట్ చూసి, యూపీఐలో కట్టేసి మూసేస్తాం. ఎక్కడో నాలుగో పేజీలో మాత్రం నిరుడు లేని ఒక లైన్ కొత్తగా చేరి ఉంటుంది. "ఫలానా నష్టం ఈ పాలసీలో కవర్ కాదు" అని. దాన్నే ఎక్స్‌క్లూజన్ అంటారు. ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది ఒక్కటే విషయం. ఆ లైన్ తీసేయమని కంపెనీకి జవాబు ఎలా రాయాలి? "మాకు ఇంతవరకు క్లెయిమ్ లేదు, జాగ్రత్తలు కూడా పెంచాం" అనే వాదన ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు?

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. యూనిట్ నేను కల్పించుకున్నదే, ప్రాంతం మాత్రం నిజమైనది. పటాన్‌చెరు పక్కన అమీన్‌పూర్ మండలం కిష్టారెడ్డిపేటలో ఒక చిన్న అట్టపెట్టెల యూనిట్ ఉందనుకోండి. చుట్టుపక్కల ఫార్మా, ఫుడ్ కంపెనీలకు కార్టన్లు చేసి ఇస్తుంది. షెడ్డు విలువ 90 లక్షలు, మెషిన్లు 1 కోటి 30 లక్షలు, స్టాక్ 1 కోటి 60 లక్షలు. మొత్తం 3 కోట్ల 80 లక్షలు. ఒకేచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్లు దాటని ఇలాంటి యూనిట్ల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి ఐఆర్‌డీఏఐ ఒక ప్రామాణిక పాలసీ తెచ్చింది. పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. పేరులో ఫైర్ అని లేకపోయినా అగ్నిప్రమాదంతో పాటు తుఫాను, వరద, నీటి ముంపు లాంటివి కూడా అందులో కవర్ అవుతాయి.

మన యూనిట్ పాలసీ మార్చి 31 అర్ధరాత్రితో ముగుస్తుంది. మార్చి మొదటి వారంలో రెన్యువల్ కోట్ వచ్చింది. అందులో కొత్త లైన్: "వరద, నీటి ముంపు వల్ల గ్రౌండ్ ఫ్లోర్‌లో నిల్వ ఉన్న స్టాక్‌కి కలిగే నష్టం కవర్ కాదు." మన యూనిట్‌లో ఉన్నదే గ్రౌండ్ ఫ్లోర్. అంటే 1 కోటి 60 లక్షల స్టాక్‌కి వరద కవర్ మొత్తం పోయినట్టే. పైగా క్రాఫ్ట్ పేపర్ రీల్స్ నేలమీద నిలబెట్టి ఉంటాయి. అడుగున మూడు అంగుళాల నీళ్లు తగిలితే చాలు, కాగితం వత్తిలా నీటిని పైకి లాగేస్తుంది. తడిసిన రీల్ మెషిన్ మీద తెగిపోతూనే ఉంటుంది. ఇంకోటి, ఆ స్టాక్ మీద బ్యాంకులో క్యాష్ క్రెడిట్ లోన్ ఉంది. స్టాక్‌కి పూర్తి ఇన్సూరెన్స్ ఉంచాలని లోన్ ఒప్పందంలో షరతు ఉంటుంది. కాబట్టి ఈ లైన్ బ్యాంకుతో కూడా ఇబ్బంది తెస్తుంది.

ముందు అడగాల్సింది "తీసేయండి" అని కాదు, "ఎందుకు పెట్టారు" అని

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఏజెంట్‌కి ఫోన్ చేసి "అన్నా, ఇదేంది కొత్తగా?" అంటారు. ఆయన "నేను మాట్లాడతాలే" అంటాడు. ఆ లైన్ తీసే అధికారం ఆయనకు ఉండదు. అది అండర్‌రైటర్ నిర్ణయం. అంటే మన రిస్క్ తీసుకోవాలా వద్దా, ఏ షరతులతో తీసుకోవాలి అని తేల్చే అధికారి. బ్రాంచ్ పరిధి దాటితే రీజినల్ ఆఫీసులో ఉంటారు. మన జవాబు చేరాల్సింది వాళ్లకి. అందుకే ఫోన్ కాదు, మెయిల్.

మొదటి మెయిల్ చిన్నది, రెండే ప్రశ్నలు. ఒకటి, ఈ ఎక్స్‌క్లూజన్‌కి ఆధారం ఏమిటి? మా యూనిట్‌ని చూసి రాసిన ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ ఏదైనా ఉంటే కాపీ ఇవ్వండి. రెండు, ప్రామాణిక పాలసీ పాఠంలోనే వరద కవర్ ఉంది కదా, దాన్ని ఏ నిబంధన కింద తగ్గిస్తున్నారు?

ఈ ప్రశ్నలు ఎందుకంటే, కారణం రెండు రకాలుగా ఉండొచ్చు. మొదటి రకం, మన షెడ్డులో వాళ్లకి కనిపించిన లోపం. ఉదాహరణకి సర్వేయర్ వచ్చినప్పుడు రీల్స్ నేలమీద ఉన్న ఫోటో తీశాడు, వెనక గోడ పక్కన డ్రైన్ పూడిపోయి ఉందని రాశాడు. దీనికి మనం జవాబు చెప్పగలం. రెండో రకం, ఏరియా మొత్తానికి పెట్టినది. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి జిల్లాల్లో వానలు ఎంత పని చేశాయో చూశాం. అలాంటివి చూసి ఒక కంపెనీ ఈ వైపు వరద రిస్క్ తగ్గించుకోవాలి అనుకుంటే అది మన ఒక్క షెడ్డు గురించి కాదు. అప్పుడు మన వాదన "ఏరియా వేరు, మా షెడ్డు వేరు" అని నిరూపించేలా ఉండాలి. కారణం తెలియకుండా రాసిన జవాబు చీకట్లో రాయి విసిరినట్టే.

మన ఉదాహరణలో మొదటి రకం అనుకుందాం. రిపోర్ట్ వచ్చింది. అందులో మూడు మాటలు: స్టాక్ నేలమీద ఉంది, డ్రైన్ పూడిపోయింది, గేటు రోడ్డు మట్టంలో ఉంది.

క్లెయిమ్ లేని చరిత్రకి ఎంత బరువు ఉంటుంది?

ఇప్పుడు అసలు విషయం. మన యూనిట్ 2019 ఏప్రిల్ నుంచి పాలసీ కడుతోంది. 7 పాలసీ సంవత్సరాల్లో ఒక్క క్లెయిమ్ లేదు. "ఏడేళ్లు కట్టాం, రూపాయి తీసుకోలేదు" అని రాస్తే అండర్‌రైటర్ కరిగిపోతాడా? కరగడు. అది మొండితనం కూడా కాదు, లెక్క.

ఒకచోట ఏ ఏడాదైనా ముంపు వచ్చే అవకాశం పదిలో ఒకటి అనుకోండి. ఆ ఏడాది రాకపోయే అవకాశం 0.9. ఏడేళ్లు వరసగా రాకపోయే అవకాశం కావాలంటే 0.9 ని ఏడుసార్లు గుణించాలి. దాదాపు 0.48 వస్తుంది. అంటే బాగా రిస్క్ ఉన్న షెడ్డు కూడా ఏడేళ్లు నిశ్శబ్దంగా గడిపేయడానికి ఇంచుమించు సగం అవకాశం ఉంది. వరద లాంటి అరుదైన ప్రమాదానికి "ఇంతవరకు రాలేదు" అన్న మాట ఒక్కటే పెద్దగా ఏమీ రుజువు చేయదు. చిన్న చిన్న దొంగతనాలు, మెషిన్ రిపేర్లు లాంటి తరచూ వచ్చే నష్టాల విషయంలో అదే మాటకి బరువు ఎక్కువ.

మరి వరద విషయంలో చరిత్రకి బరువు ఎప్పుడు వస్తుంది? ఆ ఏళ్లలో ప్రమాదం నిజంగా మన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేకపోయిందని చూపిస్తే. 2020 అక్టోబర్ 13, 14 తేదీలు గుర్తున్నాయి కదా. హైదరాబాద్ బేగంపేటలో 24 గంటల్లో దాదాపు 19 సెంటీమీటర్ల వాన పడింది. నగరం చుట్టూ కాలనీలకు కాలనీలే మునిగాయి. మన యూనిట్ ఆ రెండు రోజులూ పాలసీలోనే ఉంది. ఆ రాత్రి గేటు దగ్గర రోడ్డు మీద 7 అంగుళాల నీళ్లు నిలిచాయి, షెడ్డు లోపలికి మాత్రం రాలేదు అనుకుందాం. ఇప్పుడు చరిత్ర మాట్లాడుతుంది. "ఏడేళ్లలో క్లెయిమ్ లేదు" కంటే "2020 అక్టోబర్ వానలో గేటు దగ్గర 7 అంగుళాలు, లోపల సున్నా" అన్నది ఎన్నో రెట్లు గట్టి వాక్యం.

గేటు దాకా నీళ్లు వచ్చాయని మనమే చెప్పుకుంటే నష్టం కాదా అనిపిస్తుంది. కాదు. దాచిపెడితేనే నష్టం. ఇన్సూరెన్స్ ఒప్పందం పూర్తి నిజాయితీ మీద నడుస్తుంది. తెలిసిన ముఖ్యమైన విషయం దాచారని క్లెయిమ్ టైంలో తేలితే కంపెనీ దాన్నే పట్టుకుంటుంది.

చరిత్రకి కాగితం కూడా కావాలి. ప్రతి పాలసీ నంబర్‌కీ ఆ ఏడాది క్లెయిమ్‌లు ఎన్ని అని కంపెనీ ఇచ్చే క్లెయిమ్ హిస్టరీ లెటర్ అడగండి. మధ్యలో కంపెనీ మారి ఉంటే పాత కంపెనీ నుంచి కూడా తీసుకోవాలి. మన నోటిమాట కంటే వాళ్ల రికార్డే వాళ్లని ఒప్పిస్తుంది. 2020 నాటి ఫోటోలు ఫోన్‌లోనో, గూగుల్ ఫోటోస్‌లోనో ఉంటే వెతకండి. తేదీతో ఉన్న ఒక్క ఫోటో ఒక పేజీ వాదనతో సమానం.

ఇంప్రూవ్‌మెంట్స్ అంటే బిల్లులు, కొలతలు

ఇక రెండో కాలు, చేసిన మార్పులు. రిపోర్ట్‌లో మూడు లోపాలు రాశారు కాబట్టి మనం కూడా ఆ మూడింటికే జవాబు చెప్పాలి. కొత్త సీసీ కెమెరాలు పెట్టించాం, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు నింపించాం అని రాస్తే మంచి పనులే, కానీ నీటికి వాటితో సంబంధం లేదు.

మన యూనిట్ చేసినవి ఇవి అనుకుందాం. గేటు లోపల అడ్డంగా 12 అంగుళాల ఎత్తు కాంక్రీట్ ర్యాంప్ కట్టారు. రీల్స్ కోసం 18 అంగుళాల ఎత్తు కాంక్రీట్ దిమ్మె వేసి మొత్తం స్టాక్ దానిమీదకి ఎక్కించారు. వెనక డ్రైన్ పూడిక తీయించి, బయటి నీళ్లు పైపులోంచి లోపలికి ఎదురు రాకుండా నాన్-రిటర్న్ వాల్వ్ బిగించారు. ఒక సంప్ తవ్వి డీజిల్ పంపు పెట్టారు. డీజిల్ ఎందుకంటే, పెద్ద వానలో ముందు పోయేది కరెంటే. మోటార్ పంపు అప్పుడు ఉన్నా లేనట్టే.

నాన్-రిటర్న్ వాల్వ్‌ని చాలామంది మర్చిపోతారు. గేటు ఎంత ఎత్తు చేసినా, డ్రైన్ పైపులోంచి నీళ్లు వెనక్కి తన్నితే షెడ్డు లోపలి నుంచే మునుగుతుంది. అండర్‌రైటర్ ఈ ప్రశ్న అడిగే అవకాశం ఉంది, ముందే జవాబు ఉండాలి.

ఇప్పుడు మన వాదన మొత్తం మూడు అంకెల్లోకి వచ్చేసింది. నీళ్లు వచ్చిన ఎత్తు 7 అంగుళాలు. అడ్డుగోడ ఎత్తు 12. స్టాక్ ఎత్తు 18. మూడూ ఒకే మట్టం నుంచి, అంటే గేటు దగ్గరి రోడ్డు నుంచి కొలవాలి. షెడ్డు నేల రోడ్డు కంటే కిందకి ఉంటే 18 అంగుళాల దిమ్మె నిజంగా 18 కాదు. టేపు పెట్టి, టేపు కనిపించేలా ఫోటో తీయండి. పక్కన మేస్త్రీ బిల్లు, పంపు బిల్లు తేదీలతో పెట్టండి. తేదీ ఇన్‌స్పెక్షన్ తర్వాతిదై ఉండాలి, అప్పుడే "మీరు చూసిన షెడ్డు ఇది కాదు" అని చెప్పగలం.

జవాబు మెయిల్ ఇలా ఉంటుంది

కంపెనీతో మెయిల్ మామూలుగా ఇంగ్లిష్‌లో నడుస్తుంది. అర్థం కావడానికి తెలుగులో చదువుతున్నా.

"మా పాలసీ మార్చి 31న ముగుస్తుంది. మీ రెన్యువల్ కోట్‌లో గ్రౌండ్ ఫ్లోర్ స్టాక్‌కి వరద కవర్ తీసేస్తూ కొత్త ఎక్స్‌క్లూజన్ ఉంది. నిరుటి పాలసీలో ఇది లేదు. దాన్ని తొలగించాలని కోరుతున్నాం.

మీ ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్‌లో మూడు అంశాలు రాశారు. మూడూ ఆ తర్వాత సరిచేశాం. గేటు దగ్గర 12 అంగుళాల ర్యాంప్ ఉంది. స్టాక్ 18 అంగుళాల దిమ్మె మీద ఉంది. డ్రైన్ శుభ్రం చేసి నాన్-రిటర్న్ వాల్వ్ బిగించాం, డీజిల్ పంపు ఉంది. ఫోటోలు, బిల్లులు జతచేశాం.

2019 ఏప్రిల్ నుంచి ఏ క్లెయిమ్ లేదు. 2020 అక్టోబర్ 13, 14 వానల్లో గేటు దగ్గర 7 అంగుళాల నీళ్లు నిలిచాయి, షెడ్డులోకి రాలేదు. అప్పటికి ఈ మార్పులేవీ లేవు.

మార్చి 20 లోపు మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కి రావలసిందిగా కోరుతున్నాం. పూర్తిగా తొలగించడం వీలుకాకపోతే, ప్రత్యామ్నాయ షరతులు ఏమిటో రాతపూర్వకంగా తెలపండి."

అంతే. కోపం లేదు, "ఇన్నేళ్ల కస్టమర్‌ని" అనే దెప్పిపొడుపు లేదు. "అప్పటికి ఈ మార్పులేవీ లేవు" అన్న చిన్న వాక్యం చూశారా? పాత షెడ్డే ఆ వానని తట్టుకుంది, ఇప్పటిది ఇంకా గట్టిది అని అది చెప్పకనే చెబుతుంది.

ఒక జాగ్రత్త. చేసిన పనిని చేసినట్టు రాయండి. "ఎప్పటికీ స్టాక్ నేలమీద పెట్టం" అని హామీలు ఇవ్వొద్దు. కంపెనీ దాన్ని పాలసీలో వారంటీగా మార్చొచ్చు. వారంటీ అంటే తప్పకూడని షరతు. దీపావళి సీజన్‌లో స్టాక్ ఎక్కువై నాలుగు రీల్స్ కింద పెట్టిన రోజే నీళ్లొస్తే, వారంటీ తప్పారని మొత్తం క్లెయిమ్‌కే ఎసరు రావొచ్చు. వాళ్లు అలాంటి లైన్ ప్రతిపాదిస్తే, "కింద పెట్టిన స్టాక్ వరకే కవర్ ఉండదు" అనే మాటగా మార్చమని అడగండి. రెండూ ఒకేలా వినిపిస్తాయి, నష్టం వచ్చిన రోజు తేడా లక్షల్లో ఉంటుంది.

పూర్తిగా తీయం అంటే?

అప్పుడు మెట్లు మెట్లుగా దిగాలి. 25 లక్షల నష్టం వచ్చిందనుకుని లెక్క వేద్దాం. ఎక్స్‌క్లూజన్ అలాగే ఉంటే మనకొచ్చేది సున్నా. దాని బదులు వరద నష్టంలో మొదటి 2 లక్షలు మేమే భరిస్తాం అని డిడక్టిబుల్ పెంచుకుంటే 23 లక్షలు వస్తాయి. వరద వరకు 40 లక్షల పరిమితి పెడితే ఈ 25 లక్షలు అందులో ఇమిడిపోతాయి, కానీ కోటి నష్టం వస్తే 60 లక్షలు మన నెత్తిన పడతాయి. చిన్న నష్టం మనం తట్టుకోగలం, పెద్దది తట్టుకోలేం. అందుకే మన లాంటి యూనిట్ ముందు డిడక్టిబుల్ ఒప్పుకోవాలి, పరిమితి తర్వాతి మాట.

చట్టం ఎంతవరకు మన వైపు?

రెన్యువల్ అంటే పాత పాలసీని అవే షరతులతో మళ్లీ ఇవ్వడమే అని 2001లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. 2021 డిసెంబర్‌లో ఒక మెడిక్లెయిమ్ కేసులో, రెన్యువల్ టైంలో కొత్త పరిమితి పెడితే ఆ సంగతి పాలసీదారుకి తెలియజేయాల్సిన బాధ్యత కంపెనీదే అంది. కాబట్టి చెప్పకుండా పేజీల మధ్య దూర్చిన లైన్‌ని ప్రశ్నించే ఆధారం ఉంది. కానీ ముందే స్పష్టంగా చెప్పి, మనం చదివి, ప్రీమియం కట్టేశామంటే ఆ వాదన బలహీనపడుతుంది. మనకి కోట్‌లోనే చెప్పారు కాబట్టి మన దారి బేరమే.

బేరం సాగుతుండగా తేదీ మర్చిపోవద్దు. బీమా చట్టం 64 వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం అందకుండా కంపెనీ రిస్క్ తీసుకోకూడదు. జవాబు కోసం ఎదురుచూస్తూ మార్చి 31 దాటిస్తే వరదే కాదు, అగ్నిప్రమాదానికి కూడా కవర్ ఉండదు. జవాబు రాకపోతే ప్రీమియం కట్టేయండి, "ఎక్స్‌క్లూజన్ తొలగింపు కోసం మా విన్నపం పెండింగ్‌లో ఉంది" అని అదేరోజు మెయిల్ పెట్టండి. ఆ మెయిల్‌తో వరద కవర్ తిరిగి రాదు, అది గుర్తుంచుకోండి. కానీ ఏడాది మధ్యలో ఎండార్స్‌మెంట్ ద్వారా లైన్ తీయించుకునే తలుపు తెరిచి ఉంటుంది. వానాకాలం జూన్‌లో మొదలవుతుంది, ఇంకా రెండు నెలలు చేతిలో ఉంటాయి.

వేరే కంపెనీలో కోట్ తీసుకోవచ్చు, ముందుగానే తీసుకోండి. ఇంతకుముందు ఏ కంపెనీ అయినా మీకు ప్రత్యేక షరతులు పెట్టిందా అని ప్రపోజల్ ఫారంలో ప్రశ్న ఉంటే నిజమే రాయండి, మన ఫోటోల ఫైలు జతచేయండి. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ సంగతి అడుగుతారు. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది, సొంత యాజమాన్య సంస్థలు, సూక్ష్మ పరిశ్రమలు వెళ్లొచ్చు. రిస్క్ తీసుకోవాలా వద్దా అన్నది కంపెనీ నిర్ణయం కాబట్టి బేరం తెగకపోతే అక్కడికి వెళ్లి లాభం తక్కువ. ఒప్పుకున్నది ఒకటి, ఇచ్చిన పాలసీలో ఇంకొకటి ఉంటే మాత్రం అది వాళ్లు చూసే ఫిర్యాదే.

అందుకే చివరి పని. "తీసేశాం సార్" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే అయిపోలేదు. కొత్త పాలసీ పీడీఎఫ్ తెరవండి. షెడ్యూల్ చదవండి, వెనక జతచేసిన ప్రతి ఎండార్స్‌మెంట్ చదవండి. ఆ లైన్ అక్కడ లేకపోతేనే తీసినట్టు. ఉంటే అదేరోజు, అదే మెయిల్ చైన్‌లో, సరిచేసిన కాపీ పంపమని అడగండి. ఆ పీడీఎఫ్‌ని బ్యాంకుకి కూడా ఒకటి పంపండి.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.